తొమ్మిదో మనిషి

అండాలమ్మ మొగుడు జానయ్యకు మాట్లాడటమంటే ఎంత ఇష్టమో, ఆయన మాటలు వినేవాళ్ళకు లేచి పోవటమంటే అంత ఇష్టం. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ ఆయన హమాలీల మేస్త్రి. ఏ లారీ మీదికి ఏ జట్టు ఎక్కాలో, ఏ బత్తాయి లోడు ఎవరి షాపు ముందు దిగాలో తాను చెయ్యి చూపిస్తేనే జరిగేదని ఆయన చెప్పుకునేవాడు. చూపించకపోయినా జరిగేదని మిగతా హమాలీలు చెప్పేవాళ్ళు. వాళ్ళనడిగిందెవరు?

నల్గొండ పల్లె నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చి, కొత్తపేట వెనక గల్లీలో కిరాయికి దిగి, ఆ మార్కెట్‌నే నమ్ముకుని కొడుకు సాయికుమార్‌ను పెంచి, పెళ్ళి చేసి వేరు కాపురం పెట్టించిన జంట అది. అండాలమ్మ కూడా అక్కడే మామిడికాయలు ఏరేది. మచ్చ పడ్డవి ఒక కుప్ప, గట్టివి ఒక కుప్ప. మధ్యలో తలెత్తి చూస్తే మొగుడు ఎవరికో ఉపన్యాసం ఇస్తూ ఉండేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఆమె నోరు మూసుకుని ఏరుకునేది.

2021లో ప్రభుత్వం ఆ మార్కెట్‌ను ఎత్తి బాటసింగారంలో పెట్టింది. హయత్‌నగర్ దాటి, ఇంకా హైవే పట్టుకుని పోవాలి. జానయ్య కొన్నాళ్ళు బస్సుల్లో, షేర్ ఆటోల్లో వేలాడుకుంటూ పోయాడు. అక్కడ కొత్త జట్లు, కొత్త మేస్త్రీలు. ఈయన అలవాటు చొప్పున చెయ్యి చూపిస్తే "ఎవలే నువ్వు, జరుగు" అన్నారట. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ అంగీ వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని పనికి పోతూనే ఉన్నాడు. జీతమేదంటే కమీషన్ షాపు అడ్తిదారు ఆపాడనేవాడు. పాపం, ఏ తప్పూ చేయని ఒక అడ్తిదారు ఆ ఇంట్లో రోజూ తిట్లు తిన్నాడు.

అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే ఒక లేడీస్ హాస్టల్లో వంటకు కుదిరింది. ఒకనాడు హాస్టల్ గ్రైండర్ రిపేరుకిచ్చి రమ్మంటే ఎల్.బి.నగర్ పోయింది. అక్కడ మెట్రో స్టేషన్ కింద, పిల్లర్ నీడలో, ఇస్త్రీ అంగీతో, ఒళ్ళో డబ్బాతో జానయ్య కూర్చుని ఉన్నాడు. బాటసింగారంలో లోడు దింపిస్తూ ఉండాల్సిన మనిషి వచ్చేపోయే బస్సుల నంబర్లు చదువుకుంటున్నాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని అటు నుంచి అటే తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఆయన వచ్చి గోడకు జారగిలబడ్డాడు. "ఇయ్యాల ఒక లోడు కాదే, లోడు మీద లోడు. నడుము ఇరిగింది" అన్నాడు. అండాలమ్మకు జాలేసింది. చీపురు తీసుకుని ఒకటి అంటించాలని కూడా అనిపించింది. రెండూ చేయలేక కాళ్ళకు వేడినీళ్ళు తెచ్చి పెట్టింది. అదే అలవాటైపోయింది. పొద్దున ఆయన అబద్ధం చెప్పి పోవడం, సాయంత్రం ఈమె నమ్మినట్టు నీళ్ళు పెట్టడం. తనకు తెలుసని ఆయనకు తెలియకూడదు, అంతే. తెలిసిన రోజు ఆ మనిషి ఏమైపోతాడో ఆమె ఊహకు కూడా అందలేదు, అదే ఆమె భయం.

ఇలా నడుస్తున్న సంసారంలోకి స్పందన వచ్చింది. వాళ్ళది పోచంపల్లి నేత కుటుంబం, నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఈ పిల్లేమో చీరలు అమ్మకుండా యూనివర్సిటీలో పరిశోధన పట్టుకుంది. మార్కెట్ పోయాక దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎలా బతుకుతున్నారన్నది ఆమె విషయం. వాళ్ళు చెప్పిన మాటలన్నీ పుస్తకంగా వేస్తారట. ఆరు ఇళ్ళు ఎంచుకుంది. ప్రతి ఇంట్లో మొగుడితో వేరుగా, పెళ్ళాంతో వేరుగా మాట్లాడతానంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే మొగుడు మాట్లాడతాడు, పెళ్ళాం చాయ్ పెడుతుంది, పరిశోధన అంతా మొగుడిదే అవుతుంది. ఆ పిల్లకు ఆ మాత్రం తెలివి ఉంది.

జానయ్య ముందు ఫోను రికార్డింగ్ పెట్టి, కాగితం చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయొచ్చు, పుస్తకం అచ్చుకు పోయేదాకా మాట వెనక్కి తీసుకోవచ్చు, పేరు ఎక్కడా రాదు అని. ఆయన ఆ ఆఖరి ముక్క సరిగా విన్నట్టు లేదు. మధ్యాహ్నం మొదలుపెట్టినవాడు దీపాలు పెట్టే వేళదాకా ఆపలేదు. తాను చెయ్యి చూపించిన లారీలు, తన మాటకు దిగొచ్చిన అడ్తిదార్లు, తాను లేకపోతే బాటసింగారంలో మార్కెట్ నిలబడేదే కాదన్న ముచ్చట. "నేను ఒక్కనాడు గూడ పని ఇడువలె బిడ్డా, రాస్కో" అన్నాడు. స్పందన రాసుకుంది. గోరంత చేసి కొండంత చెప్పే వాళ్ళుంటారు, ఈయన గోరంత కూడా చేయకుండా చెప్పాడు.

అండాలమ్మతో మాట్లాడ్డానికి స్పందన హాస్టల్ వంటింటికి వచ్చింది. పిల్లలు క్లాసులకు పోయిన వేళ. ఆమె వెల్లుల్లి ఒలుస్తూ మాట్లాడింది. మొదట మార్కెట్ గురించే. "మార్కెట్ ఎత్తి తీస్కపోయిన్రు అంటరు గని, దుకాణాలు తీస్కపోయిన్రు బిడ్డా. మనుషుల్ని తీస్కపోనీకి లారీ పెట్టలె" అంది. ఆమె ఇంట్లో రోజూ గొణుక్కునే మాటే అది. తర్వాత ఎలా జారిందో ఆమెకే తెలియదు. మొగుడి సంగతి నోట్లోంచి వచ్చేసింది. ఇస్త్రీ అంగీ, మెట్రో పిల్లరు, డబ్బా, వేడినీళ్ళు, అన్నీ.

"గిది మా ఆయనకు తెల్వొద్దు బిడ్డా" అంది ఆఖరున. "తెలిస్తే ఇల్లు కాలదు, ఆ మనిషి కాల్తడు."

స్పందన మాటిచ్చింది. మాట నిలబెట్టుకోవడానికి నానా తంటాలూ పడింది, అది ఒప్పుకోవాలి. రికార్డింగ్ విని మాటకు మాట రాసింది, ఆమె యాస దిద్దలేదు. ఆగిన చోట 'మౌనం' అనీ, నవ్విన చోట 'నవ్వు' అనీ పెట్టింది. ఎవరు ఏ నంబరో రాసిన కాగితం మాటల దగ్గర పెట్టకుండా వేరే దాచింది. మొగుడూ పెళ్ళాల నంబర్లు పక్కపక్కన రాకుండా కలిపేసింది. జానయ్య నాలుగు, అండాలమ్మ తొమ్మిది. ఏ నంబరు ఆడమనిషో, ఏది మగమనిషో ఎక్కడా చెప్పలేదు, ఆరుగురు ఆడవాళ్ళు, ఆరుగురు మగవాళ్ళు అని మొత్తంగా ఒక ముక్క రాసి ఊరుకుంది. మెట్రో స్టేషన్‌ను పార్కు చేసింది. ఇస్త్రీ అంగీ తీసేసింది. మనుషుల్ని కాపాడటానికి కొన్ని ఆనవాళ్ళు మార్చామని ముందుమాటలో చెప్పింది కూడా.

ఆమెకు పరిశోధన చేయించే ప్రొఫెసర్ త్రినాథరావుగారికి మాత్రం ఇదంతా చప్పగా అనిపించింది. ఆయనది కోనసీమ, మాటలో ఆ నిదానం ఇంకా పోలేదు.

"నంబర్లేంటమ్మా స్పందనా, జైల్లో ఖైదీల్లాగా? చక్కగా పేర్లు పెట్టు. జీవం ఉంటుంది."

"మారుపేరంటే వాళ్ళల్లో ఉండే పేరే పెట్టాలి సార్. రాధమ్మ అని పెట్టామనుకోండి, ఆ మార్కెట్‌లో నిజంగా ఒక రాధమ్మ ఉంది. ఈ మాటలు ఆమె నెత్తిన పడతాయి."

"పోనీ, ఆ తొమ్మిదో ఆవిడ ఫొటో అట్ట మీద వేద్దామా? ముఖం వద్దులే. పండ్లు ఏరే చేతులు మాత్రం."

"ఆ చేతులూ గుర్తుపడతారు సార్."

త్రినాథరావుగారు నిట్టూర్చారు. అట్ట మీద ఖాళీ బుట్ట బొమ్మ వేయించారు. మనిషి మాట కావాలి, మనిషి మాత్రం అడ్డం రాకూడదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఇలాంటి కోరికలే కలుగుతాయి.

అచ్చుకు ముందు స్పందన ఎవరి మాటలు వాళ్ళకు చదివి వినిపించింది. ఉంచాలా, తీసేయాలా అని అడిగింది. అండాలమ్మ తన మాటలు విని తలూపింది. వేడినీళ్ళ ముక్క అలాగే ఉండిపోయింది. అది ఆనవాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. స్పందనకు అది ఎవరింట్లోనైనా జరిగేదే అనిపించింది, అండాలమ్మకు అది అసలు చెప్పుకోదగ్గ పనిలాగే అనిపించలేదు.

జానయ్యకు వినిపించడానికి ఇంటికి వచ్చినప్పుడు గొడవ మొదలైంది.

"నాలుగు ఏంది? నా పేరు జానయ్య. జానయ్య అని ఎయ్యి" అన్నాడాయన.

"ఎవరి పేరూ ఎయ్యట్లేదు పెద్దనాయినా. మొదలే చెప్పిన గద."

"అప్పుడు చెప్తే చెప్పినవ్. ఇప్పుడు నేను చెప్తున్న, ఎయ్యి. నేనేమన్న దొంగతనం చేసిన్నా? పేరు లేని మాటకు ఇలువేముంటది?"

ఆయన అడిగిందాంట్లో అన్యాయం లేదు. తన మాట తనదని చెప్పుకునే హక్కు మనిషికి ఉంటుంది, పేరు వేయమని కోరితే వేసే పద్ధతీ ఉంది. స్పందన ఇరుకున పడింది. ఎందుకు కుదరదో చెబితే చెప్పకూడనిది చెప్పినట్టే. "ఒక్కొక్క ఇంట్ల ఇద్దరితోని మాట్లాడిన. ఒకరి పేరు పడితే రెండో మనిషి ఎవరో తెలిసిపోతది. రెండో మనిషికి గూడ మాటిచ్చిన" అని అంతవరకే అంది.

"తెలిస్తే ఏమైతది? మా ఇంట్ల దాపరికం లేదు." ఆయన తల తిప్పాడు. "ఏమే అండాలూ, నీకేమన్న అడ్డమా? చెప్పు."

అడ్డమే అంటే ఎందుకంటాడు. అడ్డం లేదంటే రేపు పుస్తకంలో చదువుకుంటాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆమె ఆ రెంటి మధ్య చేటలో బియ్యం పట్టుకుని నిలబడింది.

"ఒకరి ముందర ఒకరిని అట్ల అడగొద్దు పెద్దనాయినా" అంది స్పందన. "మీ ముందర ఆమె ఊ అన్నా అది ఒప్పుకున్నట్టు కాదు. నేను విడిగా అడగాలె. అది మాకు రూలు."

"నా పెండ్లాన్ని నేను అడగనీకి మీ రూలేంది?"

అండాలమ్మ చేట కింద పెట్టింది. "నాకు వద్దు" అంది. "అడ్తిదార్ల మీద నాలుగు మాటలన్న. ఎవలన్న హాస్టల్ కాడికొచ్చి గలాట చేస్తే నా పని పోతది. నీ పేరు ఏస్తే నాది ఏసినట్టే."

జానయ్య ముఖం చిట్లించాడు. "ఆడోళ్ళకు భయమెక్కువ" అన్నాడు స్పందనతో, పెద్ద రహస్యం చెప్పినట్టు. తన ఇంటి తిండి ఆ హాస్టల్ పని మీదే నడుస్తోందని ఆయనకు తెలుసు. అందుకే అంతకుమించి లాగలేదు.

వీధి మలుపు దాకా స్పందనను సాగనంపుతూ పోయింది అండాలమ్మ. "పెద్దమ్మా, ఆయన మీద చెప్పిన మాట తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్త" అంది ఆ పిల్ల. "అచ్చయినంక నా చేతుల ఉండదు. తీసేస్తే మీరు నాకు జవాబు చెప్పుకోవాల్సిన పని లేదు."

అండాలమ్మ అడ్డంగా తలూపింది. "ఉండనియ్యి బిడ్డా. గా మాట నేను ఒక్కదాన్నే మోస్తున్న. ఏడనో ఒకకాడ దించాలె గద."

పుస్తకం వచ్చింది. పలచటి పుస్తకమే. పన్నెండు మందికీ స్పందన ఇంటింటికీ తెచ్చి ఇచ్చింది. మొదటి పేజీలో, ఈ మాటలు చెప్పిన పన్నెండు మందికీ ఈ పుస్తకం రుణపడి ఉందనీ, ఇచ్చిన మాట కోసం పేర్లు రాయడం లేదనీ ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మగవాళ్ళు ఒక్కొక్కరే తొమ్మిదో మనిషి మాటలు చదువుకుని భుజాలు తడుముకున్నారు. మార్కెట్ పోయాక పనికని బయల్దేరి పార్కులో కూర్చున్నవాడు జానయ్య ఒక్కడే అనుకుంది అండాలమ్మ. కాదని ఇప్పుడు తెలిసింది. ఎవరి పార్కు వాళ్ళకుంది. అందులో ఆనందం అనే ఆయన ఒకడు. మార్కెట్‌లో కాంటా వేసే మనిషి, ఇప్పుడు హాస్టల్ గేటు దగ్గరే అరటిపండ్ల బండి పెట్టుకున్నాడు. బండి పెట్టకముందు చాలాకాలం ఖాళీగా తిరిగాడు, ఇంట్లో చెప్పకుండానే. ఆయన భార్య రాధమ్మ ఒక మధ్యాహ్నం హాస్టల్ వంటింటికి వచ్చి ముక్కు చీదింది.

"అక్కా, మా ఆయన నాతోని మాట్లాడుతలేడు. తొమ్మిది నువ్వే గదా, నా ఇజ్జత్ తీసినవ్ అంటుండు. నాది ఆరు నంబరు అక్కా. ఆరు అని చెప్తే నమ్మడు."

అండాలమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. తన మాట దించితే అది పోయి ఇంకో ఆడదాని నెత్తికెక్కింది. తొమ్మిది నేనే అని ఒక్క ముక్క చెబితే రాధమ్మ ఇల్లు చల్లబడుతుంది, తన ఇల్లు అంటుకుంటుంది. "మెల్లగ సల్లబడ్తడులే" అని ఇంత పప్పు గిన్నెలో పోసి ఇచ్చి పంపింది. తన మీద తనకే అసహ్యమేసింది.

ఇంత జరుగుతుంటే పుస్తకం చదివి భుజం తడుముకోనివాడు ఒక్కడే, జానయ్య. ఎందుకంటే ఆయన అది చదవలేదు. తన నంబరు నాలుగు చూసుకున్నాడు. మధ్యాహ్నం నుంచి దీపాల వేళదాకా చెప్పిన దాంట్లో నాలుగు కింద మిగిలింది రెండు ముక్కలు. ఆనాడు ఆ పిల్ల వినిపించినా, పేరు గొడవలో పడి ఆయన అది చెవిన పెట్టలేదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. మిగతా నంబర్లలో ఒక్కొక్కదాని మొదటి పేజీ మాత్రం తిప్పి చూశాడు. తొమ్మిది కింద మొదటి మాట కనపడింది. దుకాణాలు తీస్కపోయిన్రు, మనుషుల్ని తీస్కపోనీకి లారీ పెట్టలె. చదవగానే ఛాతీ పొంగింది. ఇది నా మాటే, అనుకున్నాడు. ఇంట్లో రోజూ చెవిన పడే మాట ఎప్పుడో తన సొంతమైపోయింది. పెళ్ళాం వండింది తిని నేనే వండానన్నా నమ్మే రకం. ఆ పిల్ల నంబర్లు తారుమారు చేసింది, నా మాటలన్నీ తొమ్మిదికి వేసింది అని తేల్చేసుకున్నాడు.

నేరుగా యూనివర్సిటీకి పోయి త్రినాథరావుగారిని కలిశాడు. "మావోళ్ళకు పంచుత సార్" అన్నాడు. ప్రొఫెసర్‌గారు పొంగిపోయారు. ప్రజల పుస్తకం ప్రజల్లోకి పోతోందని స్పందనకు ఒక్క మాట చెప్పకుండా ఒక కట్ట కట్టి ఇచ్చారు.

సాయంత్రం అండాలమ్మ పిల్లల కోసం అరటిపండ్లు తేవడానికి హాస్టల్ గేటు బయటికి వచ్చింది. ఆనందం బండి చుట్టూ పాత మార్కెట్ మనుషులు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. మధ్యలో జానయ్య, చంకలో పుస్తకాల కట్ట, చేతిలో నల్ల మార్కర్. ఒక్కొక్క పుస్తకం తెరిచి, 'తొమ్మిదో మనిషి' అన్నచోటల్లా ఎదురుగా 'జానయ్య, హమాలీ మేస్త్రి' అని రాసి పంచుతున్నాడు. కట్టలో కొన్నింటికి ఇంటి దగ్గరే రాసుకుని, మిగిలినవాటికి అక్కడ రాస్తున్నాడు. కోరి కొరివితో తల గోక్కోవడం చాలామందికి అలవాటే. ఈయన అందరికీ కొరివి పంచిపెట్టి మరీ గోక్కుంటున్నాడు.

అండాలమ్మ గేటు దగ్గర నుంచే పిలిచింది. "ఏమయ్యా, ఇంటికి పోదాం పా" అంది.

"ఆగవే, పనిల ఉన్న." ఆయన పుస్తకం ఆనందం చేతిలో పెట్టాడు. "సదువు ఆనందం. మనుషుల్ని తీస్కపోనీకి లారీ పెట్టలె. ఎవలన్నరు గీ మాట? పేరు దాచి పెట్టిన్రు. మాట దాస్తే దాగుతదా?"

ఆనందం పుస్తకం తీసుకున్నాడు. ఆయన తొమ్మిదో మనిషి మాటలు ఎన్నిసార్లు చదివి ఉంటాడో, ఏ పేజీలో ఏముందో నోటికి వచ్చు. నేరుగా వెనక పేజీ తీశాడు. అక్కడా మార్కర్‌తో జానయ్య అని ఉంది. మార్కర్‌తో రాసిన మనిషి పైన నంబరు చూశాడే గానీ కింద ఏముందో చూడలేదు.

"జానన్నా, తొమ్మిదో మనిషివి నువ్వేనా? పక్కా?"

"పక్కా. పేరు రాసిన గద."

"మరి గిక్కడ 'మా ఆయన' అని ఉన్నది." ఆనందం ముఖం వెలుగుతోంది. "నీకు మీ ఆయన ఎవలే అన్నా?"

గుప్పున నవ్వారు అందరూ. జానయ్య కూడా నవ్వాడు. "అచ్చుతప్పు" అన్నాడు.

ఆనందం గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "మా ఆయన పొద్దుగాల పనికని ఎల్తడు. పని లేదని నాకెరుకే. ఆయన చెప్పడు, నేను అడుగ. డబ్బ కట్టిస్త. పార్కుల కూసోని తిని, పొద్దుగూకినంక అలిసిపోయినట్టు ఒస్తడు. నేను కాళ్ళకు ఏడినీళ్ళు పెడ్త."

వేడినీళ్ళ దగ్గర జానయ్య నవ్వు ఆగింది. మార్కర్ మూత పెట్టబోయి పెట్టలేకపోయాడు. తల తిప్పి గేటు దగ్గర నిలబడ్డ పెళ్ళాన్ని చూశాడు. అండాలమ్మ కళ్ళు దించుకుంది. ఆ దించుకోవడం అక్కడున్నవాళ్ళంతా చూశారు. ఇంక పుస్తకంలో ఏ ముక్కా చదవాల్సిన పని ఎవరికీ రాలేదు.

ఆనందం అప్పటికే ఫోను తీసి భార్యకు చేస్తున్నాడు. "రాధా, అది నువ్వు గాదన్నట్టు. ఆఁ, మన జానన్న ఇంట్లది. ఏం కూర వండుతున్నవ్?" పక్కనున్న ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది, వాళ్ళ నవ్వు అందరికంటే పెద్దగా వినిపించింది. ఎవరి పార్కు వాళ్ళకు మాఫీ అయిపోయింది, అన్ని పార్కుల్లోనూ జానయ్యే కూర్చున్నట్టు తేలింది.

జానయ్య కట్ట చంకలో పెట్టుకుని కొత్తపేట వైపు నడిచాడు. అండాలమ్మ పండ్ల బుట్ట ఆనందం బండి మీదే వదిలేసి వెనకాల పోయింది. దారంతా అరుస్తాడేమోనని ఆమె చూసింది. అరిచినా బాగుండేది.

ఇంటికి పోయాక ఆయన చేసిన మొదటి పని స్పందనకు ఫోను చేయడం. "బిడ్డా, పుస్తకంల నా పేరు తీసెయ్యి" అన్నాడు.

"మీ పేరు పుస్తకంల లేదు పెద్దనాయినా. మేము ఎయ్యలేదు."

"ఉన్నది. నేను చూసిన. నల్లగ ఉన్నది."

అటువైపు ఆ పిల్లకు మెల్లగా అర్థమైనట్టుంది. ఎన్ని పుస్తకాలు, ఎవరెవరికి ఇచ్చారు అని అడిగింది. ఆయన లెక్క చెప్పలేకపోయాడు. ఇప్పుడే వస్తున్నా, ఇచ్చినవన్నీ అడిగి వెనక్కి తెస్తా అంది. ఆమె గొంతులో ఏడుపు అండాలమ్మకు కూడా వినపడింది. ఆ పిల్ల తాళం వేసి దాచిన కాగితాన్ని ఎవరూ దొంగిలించలేదు, కాపాడాల్సిన ఇంటివాడే మార్కర్ పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. అలాంటి వాడి నుంచి ఎలా కాపాడాలో ఏ రూల్లోనూ లేదు.

జానయ్య ఫోను కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. ఈసారి నడుము ఇరిగిందని అనలేదు.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"మార్కెట్ పోయిన ఏడాదికెళ్ళి."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలూ చెప్పలె. ఎల్.బి.నగర్ల చూసిన. మెట్రో కింద."

అండాలమ్మకు ఆయన మీద కోపమంతా ఎటో పోయింది, తన మీదే మిగిలింది. తానే పోయి ఆయన ముందు కూర్చుంది.

"ఇన్నేండ్ల సంది ఎరుక పెట్టుకోని, ఒక్కనాడన్న నన్ను అడగకపోతివేంది?" అన్నాడు జానయ్య.

"అడిగితే" అంది అండాలమ్మ, "తెల్లారి నువ్వు ఏడికి పోతుంటివి?"